నడకకు పెట్టిన పేర్లు

తెలుగులో 'నడత' అన్నా 'నడవడిక' అన్నా మనిషి గుణమనే అర్థం. రెండూ 'నడుచు' నుంచి పుట్టిన మాటలే. కాలు వేసే తీరు చూసి మనిషి తీరు చెప్పడం ఈ భాషకు పాత అలవాటు. అందుకే కథలో ఒక మనిషి నడిచి వచ్చే వాక్యం ఎంత చిన్నదైనా, అందులో ఆ మనిషి మీద ఒక తీర్పు దాగి ఉంటుంది. గిరిజన పాత్రలున్న కథలు, నవలలు, పత్రికల వార్తలు చదివేటప్పుడు ఆ తీర్పును ఎలా పట్టుకోవాలి, మనం రాసేటప్పుడు దాన్ని ఎలా సరిచూసుకోవాలి అన్నదే ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది.

ఇంగ్లీషు తరగతిలో నడక మాటల పట్టిక ఒకటి వస్తుంది. స్ట్రోల్, స్ట్రైడ్, స్టాగర్, లింప్, ట్రడ్జ్. ఎదురుగా తెలుగు అర్థం రాయమంటే చాలామంది పిల్లలు ఐదింటికీ 'నడుచుట' అని రాసేస్తారు. పిల్లల్ని తప్పుపట్టాల్సిన పనిలేదు. ఇంగ్లీషు క్రియ నడిచే తీరును తన లోపలే పెట్టుకుంటుంది. తెలుగు క్రియ ఎక్కువగా మనిషి ఎటు కదిలాడో చెబుతుంది. ఎక్కాడు, దిగాడు, దాటాడు, వచ్చాడు, పోయాడు. నడిచిన తీరు చెప్పాలంటే దాని ముందు ఇంకో మాట చేర్చాలి. కుంటుతూ దిగాడు, తూలుతూ వచ్చాడు, కాళ్లీడ్చుకుంటూ పోయాడు, చకచకా ఎక్కింది, బుడిబుడి అడుగులతో వచ్చింది.

విమర్శకు ఈ వ్యాకరణ సంగతి చాలా పనికొస్తుంది. 'ముసలాయన కొండ దిగాడు' అంటే తెలుగు వాక్యం పూర్తయింది. అందులో లోటేమీ లేదు. రచయిత 'తూలుతూ' అని చేర్చాడంటే కావాలనే చేర్చాడు, లేదా అలవాటుగా చేర్చాడు. రెండింటిలో ఏదో తేల్చడమే పాఠకుడి మొదటి పని. తేల్చడానికి మేము మూడు ప్రశ్నలు వాడతాం. పాదం కింద ఏ నేల ఉంది? ఒంటి మీద ఏ బరువు ఉంది? ఏ పని మీద, ఎంత తొందరలో పోతున్నాడు? ఈ మూడింటికీ కథలో జవాబు దొరికితే ఆ నడక నడిచేవాడిదే. దొరకకపోతే ఆ మాట చూసేవాడు తన దగ్గరినుంచి తెచ్చి తగిలించింది. ఇక్కడినుంచి ముందుకు ఇచ్చే ఉదాహరణ వాక్యాలు ఏ రచయితవీ కావు. మేము కట్టుకున్నవే.

తీరికగా నడవడం

స్ట్రోల్ అంటే తీరికగా, ఎక్కడికీ చేరాల్సిన తొందర లేకుండా నడవడం. తెలుగులో దీనికి షికారు అంటాం, వాహ్యాళి అంటాం. షికారు పారసీ నుంచి వచ్చిన మాట. అక్కడ దానికి అర్థం వేట. సరదాకు వేటాడే దొరల మాట తెలుగులోకి వచ్చి సరదాకు తిరిగే నడక అయింది. వేట మీద బతికిన మనవాళ్లు తమ పనిని ఎప్పుడూ వేట అనే అన్నారు. షికారుకు కావలసింది కాళ్లు ఒక్కటే కాదు. ఆ పూట పని లేకున్నా తిండికి లోటు లేదన్న నిశ్చింత కావాలి, ఈ దారిలో నన్నెవరూ ఆపి అడగరన్న ధీమా కావాలి. కనుక ఆ మాట నడిచేవాడి వేగం కన్నా అతని స్థితిని ఎక్కువ చెబుతుంది.

అదే నెమ్మది నడకను ఇంకొకరి విషయంలో తెలుగు వేరే మాటలతో పిలుస్తుంది. సాయంత్రం పూట అధికారి చెరువుగట్టు మీద అటూ ఇటూ నడిస్తే షికారు. అదే గట్టు మీద ఊరికి కొత్తయిన కుర్రవాడు అటూ ఇటూ నడిస్తే 'తచ్చాడుతున్నాడు'. కాలు కదిలిన తీరులో తేడా ఏమీ లేదు. 'తచ్చాడు' అన్న మాటలోనే అనుమానం ఉంది. ఎందుకు వచ్చాడో, ఏం ఎత్తుకుపోతాడో అన్న చూపు ఉంది. ఇల్లూ వాకిలీ బండిమీద పెట్టుకుని ఊరూరా తిరిగే కుటుంబమైతే 'సంచార జాతి' అవుతుంది. తిరగడమే వాళ్ల స్వభావమన్నట్టు మాట కుదురుకుంటుంది. బుట్టలు అమ్ముకోవడానికో, ఉప్పు, ధాన్యం మార్పిడికో తిరిగారన్న పని సంగతి ఆ మాటలో కనపడదు.

ఇది మాటల దగ్గర ఆగి ఉంటే ఇంత చెప్పే పని ఉండేది కాదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. ఎరుకల వంటి తెగలవాళ్ల పేర్లు రిజిస్టర్లకు ఎక్కాయి. రిజిస్టరులో పేరున్నవాడు పోలీసుల ముందు హాజరు చెప్పుకోవాలి. ఉన్నచోటు దాటాలంటే పాసు కావాలి. నడిచి పక్క ఊరికి పోవడం అనుమతి అడగాల్సిన పనయింది. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో. తిరిగే మనిషిని అనుమానించే చూపు చట్టమై ఎనభై ఏళ్లు నిలిచిందని గుర్తుపెట్టుకుని చదివితే, నేటి కథలో 'తచ్చాడుతున్నాడు' అన్న ఒక్క మాట ఎంత బరువు మోస్తుందో తెలుస్తుంది.

పాత కావ్యాల్లో నాయిక మందగమన. మెల్లగా నడవడమే ఆమెకు అందం. హంసతోనో ఏనుగుతోనో పోలుస్తారు. తొందరపడాల్సిన అవసరం లేని ఒళ్లు అది. మన ఆడపిల్ల కథలోకి వచ్చేసరికి పోలిక మారుతుంది. లేడిపిల్లలా గెంతుతుంది, కొండమేకలా ఎక్కుతుంది. పొగడ్తగానే రాస్తారు, కాదనం. కానీ కట్టెల మోపు తలమీద ఉన్న పిల్ల గెంతదు. గెంతితే మోపు జారుతుంది, మెడ పడుతుంది. బరువు నెత్తిన ఉన్నప్పుడు తల కదలకూడదు. ఆ కుదుపును మోకాళ్లూ తుంటీ మింగుకోవాలి. అందుకే ఆమె అడుగులు చిన్నవి, దగ్గర దగ్గరగా పడతాయి, వేగంగా సాగుతాయి. ఆగితే బరువు తగ్గదు కాబట్టి ఆగదు. 'గెంతుతూ' అని రాసిన రచయిత పిల్లను చూశాడు, మోపును చూడలేదు.

అంగలు వేయడం

స్ట్రైడ్‌కు దగ్గరి తెలుగు 'పెద్ద అంగలు వేసుకుంటూ నడవడం'. సినిమా నాయకుడు నడిచేది ఇలాగే. తెగువ, అధికారం, నిర్ణయం అయిపోయిందన్న గట్టిదనం ఈ నడకలో కనిపిస్తాయి. దీన్నుంచి ఇంకో లెక్క కూడా పుట్టింది. పెద్ద అంగ ధైర్యమైతే, చిన్న అడుగు పిరికితనం, అణకువ, సంకోచం అయిపోయాయి. 'ఆఫీసు ముందు గిరిజనులు చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ ఒకరి వెనుక ఒకరు చీమలబారులా వచ్చారు' అని రాస్తే పాఠకుడికి వెంటనే భయస్తుల గుంపు కనిపిస్తుంది.

ఇక్కడ నేల ప్రశ్న అడగాలి. పెద్ద అంగ వేయాలంటే మడమ ముందుగా నేలకు తాకాలి, ఒంటి బరువు క్షణంసేపు రెండు పాదాల మధ్య గాలిలో ఉన్నట్టుండాలి. చదును నేల మీద అది సుఖం. కొండ దిగేటప్పుడు అలా మడమ మోపితే గులకరాళ్ల మీద పాదం జారిపోతుంది. కొండ మనిషి మోకాలు కొద్దిగా వంచి, పాదమంతా ఒకేసారి ఆనించి, అడుగు చిన్నదిగా వేస్తాడు. ఎక్కేటప్పుడు కూడా అంతే. పెద్ద అడుగు వేస్తే ఒళ్లంతా ఒక్క కాలి మీద పైకి ఎత్తాలి, నాలుగు మలుపులు తిరిగేసరికి తొడలు పట్టేస్తాయి. చిన్న అడుగుల వాడు శిఖరం దాకా ఒకే వేగంతో పోతాడు. మైదానం నుంచి వచ్చిన వాళ్లు మొదట అంగలు వేసి, సగం దారిలో రాయి మీద కూర్చుండిపోవడం మన కొండల్లో ఎవరిని అడిగినా చెబుతారు.

ఒకరి వెనుక ఒకరు నడవడానికి కారణం కూడా నేలే. అడవిలో కాలిబాట ఒక మనిషి వెడల్పే ఉంటుంది. పక్కన ముళ్లు, పొదలు, పాములు. ముందువాడు అడుగుపెట్టిన చోటే వెనకవాడు పెడితే రెండోసారి చూసుకునే పని తప్పుతుంది. ఆ అలవాటు తారు రోడ్డు మీదకు వచ్చినా పోదు. చీమలబారు అన్న పోలికలో వరస నిజమే. భయం మాత్రం రచయిత కలిపింది.

కావడి మోసేవాళ్ల నడక ఇంకో రకం. కావడిబద్ద ప్రతి అడుగుకీ వంగి లేస్తుంది. మోసేవాడు ఆ ఊగుడుకు తన అడుగును కలుపుకుంటాడు. కలిసిందా, బరువు లేచే క్షణంలో పాదం ముందుకు పడుతుంది, భుజానికి ఊరట. కలవలేదా, బద్ద భుజాన్ని కొడుతూనే ఉంటుంది. అందుకే కావడి మనిషి సగం నడక, సగం పరుగులా పోతాడు. ఎవరో తరుముతున్నట్టు కనిపిస్తాడు. తరిమేది ఎవరూ కాదు, బద్ద ఊగే లెక్క అది.

తూలడం

స్టాగర్ అన్న ఒక్క మాటకు తెలుగులో కనీసం మూడు మాటలున్నాయి. ఒళ్లు నిలకడ తప్పితే తూలడం. పాదం పడాల్సిన చోట పడకపోతే తడబడటం. ఉన్నట్టుండి దేనికో తగిలో, కంగారు పడో అదుపు తప్పితే తొట్రుపడటం. తడబడేది అడుగే కానక్కరలేదు, మాట కూడా తడబడుతుంది. ముగ్గురు మనుషుల గురించి మూడు వేర్వేరు సంగతులు చెప్పగల భాష మనది. అయితే గిరిజన పురుషుడు పాత్రగా వచ్చే కథల్లో 'తూలుతూ' అన్న ఒక్క మాటే ఎక్కువగా వినిపిస్తుంది. దాని వెనుక కారణం కూడా చెప్పకుండానే పాఠకుడికి అర్థమైపోతుంది. జీలుగు కల్లో, ఇప్పసారాయో తాగాడు.

తాగి తూలేవాళ్లు మనలో లేరని మేము అనడం లేదు. సారా వల్ల పాడైన ఇళ్ల గురించి మన రచయితలే ముందుగా రాయాలి. మా అభ్యంతరం వేరు. తూలడానికి కారణాలు చాలా ఉన్నాయి, వాటి తీరులు కూడా వేరువేరు. తాగినవాడు పడిపోకుండా పాదాలు ఎడంగా పెడతాడు, దారికి అటూ ఇటూ పోతాడు, తనకేమీ కాలేదన్నట్టు ఉంటాడు. జ్వరంతో ఉన్నవాడు దారి తప్పడు. పది అడుగులు వేసి చెట్టును పట్టుకుంటాడు, మోకాళ్లు ముడుచుకుంటాయి, ఎండలో కూడా గొంగడి కప్పుకుని ఉంటాడు. రక్తం తక్కువైన మనిషికి చదునులో ఏమీ తెలియదు. ఎక్కుడు మొదలవగానే ఆయాసం, కళ్లు తిరగడం. ఆగుతుంది, నడుము మీద చేతులు పెట్టుకుంటుంది, మళ్లీ నడుస్తుంది. మలేరియా, రక్తహీనత, సికిల్‌సెల్ వ్యాధి ఎక్కువగా కనిపించే ప్రాంతాలు మనవి. ఈ మూడు నడకలనూ విడదీసి చూడగల రచయిత మనిషిని చూస్తున్నాడని లెక్క. మూడింటినీ 'తూలుతూ' అని కలిపేసినవాడు ముందే తన మనసులో ఉన్న బొమ్మను చూస్తున్నాడు.

కథలో దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. 'తూలుతూ' అన్న మాట చుట్టూ నాలుగు వాక్యాలు చూడండి. వాసన, సీసా, పూటపని ఏదైనా ఒక్క గుర్తు ఉందా? ఏ గుర్తూ లేకుండా పాఠకుడు తాగుబోతును ఊహించుకున్నాడంటే, ఆ ఊహకు ఆధారం కథలో లేదు, పాత్ర తెగ పేరులో ఉంది.

కుంటడం

లింప్ అంటే కుంటడం. ఈ మాట దగ్గర క్రియకూ నామవాచకానికీ ఉన్న దూరం చూడాలి. 'కుంటుతూ వచ్చాడు' అంటే ఈ రోజు, ఈ దారిలో, ఏదో కారణంతో అలా వచ్చాడని. రేపు మామూలుగా నడవవచ్చు. 'కుంటోడు వచ్చాడు' అంటే ఇక అతని పేరు అదే. క్రియ ఒక పూట సంగతి చెబుతుంది, నామవాచకం జీవితాంతం ముద్ర వేస్తుంది. పల్లెల్లో ఈ రెండోది చాలా తేలిగ్గా వాడతాం, మన గూడేల్లో కూడా. రాసేటప్పుడు పాత్రల సంభాషణలో అది రావచ్చు. కథకుడి గొంతులో రాకూడదు.

కుంటడంలో కూడా తీరులున్నాయి. మడమలో ముల్లు దిగినవాడు మునివేళ్ల మీద నడుస్తాడు. ఒక కాలిలో నొప్పి ఉన్నవాడు ఆ కాలి మీద తక్కువ సేపు నిలబడతాడు. మంచి కాలు గబుక్కున ముందుకు వచ్చి పడుతుంది. అందుకే కుంటే చప్పుడు ఒకటి పొడవు, ఒకటి పొట్టి. మోకాలు వంగనివాడు కాలును పక్కనుంచి చుట్టూ తిప్పి తెచ్చి వేస్తాడు. చూసి రాస్తే, జబ్బు పేరు చెప్పకుండానే పాఠకుడికి కారణం తెలుస్తుంది.

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగినవాళ్ల సంగతి ఇక్కడ ఆలోచించాలి. ఎముకలు వంగి, కీళ్లు బిగిసిపోయిన మనిషి వంకర కాళ్లతో నడుస్తాడు. అతని గురించి 'కుంటుతూ వచ్చాడు' అని మాత్రమే రాస్తే అది అతని ఒంటి లోపమైపోతుంది. అదే ఊళ్లో మరో నలుగురు అలాగే నడుస్తున్నారని ఇంకొక్క వాక్యం రాస్తే అది నీళ్ల సంగతి అవుతుంది. ఒక నడక ఎప్పుడు ఒక మనిషిది, ఎప్పుడు ఊరిది అన్నది ఆ ఒక్క వాక్యం తేలుస్తుంది.

కాళ్లీడ్చడం

ట్రడ్జ్‌కు తెలుగు 'కాళ్లీడ్చుకుంటూ నడవడం'. పాదం నేలనుంచి పూర్తిగా లేవదు, రాసుకుంటూ పోతుంది. ఈ మాట రెండు కారణాలను చెబుతుంది. ఒకటి అలసట, రెండోది ఇష్టం లేకపోవడం. ఏ కారణమో మాట చెప్పదు, చూసేవాడు ఎంచుకుంటాడు. పొలం నుంచి వచ్చే రైతు విషయంలో అలసటనే ఎంచుకుంటాం. బడికి వచ్చే పిల్లవాడి విషయంలో ఇష్టం లేకపోవడాన్ని ఎంచుకుంటాం.

ఉపాధ్యాయులకు ఇది రోజూ ఎదురయ్యే సంగతి. ప్రార్థన గంటకు కాళ్లీడ్చుకుంటూ వచ్చే పిల్లవాణ్ణి బద్ధకస్తుడనుకునే ముందు పాదాల వంక చూడాలి. రెండు సైజులు పెద్దవైన బూట్లు వేసుకున్న పిల్లవాడు పాదం ఎత్తితే మడమ జారిపోతుంది. బూటు ఊడకుండా ఉండాలంటే ఈడ్వక తప్పదు. తెగిన చెప్పు వారును వేళ్లతో పట్టుకుని నడిచేవాడు కూడా ఈడుస్తాడు. వానాకాలం బురద పట్టిన పాదం బరువెక్కి ఈడుస్తుంది. బూట్లు విప్పి నడవమనండి. ఈడవడం పోతే తప్పు బూట్లది. పోకపోతే అప్పుడు ఎంత దూరం నుంచి వచ్చాడో, ఏం తిన్నాడో అడగాలి. ఇష్టం లేదన్న తీర్పు వీటన్నిటి తర్వాతే.

కాళ్లు లేని క్రియ

ఇంతవరకు ఎక్కువ చెప్పే మాటల గురించి మాట్లాడాం. ఏమీ చెప్పని మాటల గురించి కూడా చెప్పాలి. ఏజెన్సీ గ్రామాల నుంచి ఏటా వచ్చే వార్త ఒకటుంది. 'రోడ్డు సౌకర్యం లేకపోవడంతో గర్భిణిని డోలీలో ఆసుపత్రికి తరలించారు.' సానుభూతితో రాసిన వాక్యమే. కానీ 'తరలించారు' అన్న క్రియకు కాళ్లు లేవు. గోదాములోంచి బస్తాలను తరలిస్తారు, ఆఫీసునుంచి ఫైళ్లను తరలిస్తారు. ఈ వాక్యంలో ఎవరు నడిచారో, ఎలా నడిచారో లేదు. డోలీ తనంతట తానే పోయినట్టుంది.

నిజంగా జరిగేది చూద్దాం. ఒక గట్టి కర్రకు దుప్పటో, నులకమంచమో, కుర్చీయో కట్టి ఇద్దరు మోస్తారు. వెంట ఇంకొందరు నడుస్తారు, మార్చుకోవడానికి. కొండ దిగేటప్పుడు పొడుగాటి మనిషి ముందుంటాడు, ఎక్కేటప్పుడు వెనుక ఉంటాడు. అప్పుడే కర్ర కొంతైనా సమంగా ఉంటుంది. ఇద్దరూ ఒకే కాలు ఒకేసారి వేస్తే డోలీ ఊగడం మొదలవుతుంది. ముందువాడు కుడికాలు వేస్తే వెనకవాడు ఎడమకాలు వేయాలి. స్ట్రెచర్ మోసేవాళ్లకు శిక్షణలో నేర్పేది కూడా ఇదే. వెనకవాడికి డోలీ అడ్డం కాబట్టి తన పాదం ఎక్కడ పడుతుందో కనపడదు. ముందువాడు రాయి ఉందనీ, జారుడుందనీ చెబుతూ ఉండాలి. గెడ్డ దగ్గర ఒకరు కర్రతో లోతు చూస్తూ ముందు దిగుతారు. మోసేవాళ్లు పాదాన్ని పైకెత్తకుండా నీటి అడుగునే జరుపుతారు. ఎత్తితే వరద కాలిని లాగేస్తుంది. ఇది కూడా కాళ్లీడ్చడమే. కానీ ఇందులో అలసటా లేదు, అయిష్టమూ లేదు. ఉన్నది జాగ్రత్త.

ఆ వార్తనే ఇలా రాయవచ్చు. 'ఇద్దరు డోలీ మోస్తూ, నలుగురు వెంట నడుస్తూ కొండ దిగారు. గెడ్డలో పాదం ఎత్తకుండా అడుగు జరుపుకుంటూ దాటారు. మూడుచోట్ల భుజం మార్చుకున్నారు.' మూడు చిన్న వాక్యాలు. జాలి మాట ఒక్కటీ లేదు. అయినా రోడ్డు లేకపోవడం అంటే ఏమిటో మొదటి వాక్యం కన్నా ఎక్కువ తెలుస్తుంది, మోసినవాళ్లు నేర్పరులని కూడా తెలుస్తుంది. ఇందులో వాడిన 'జరుపుకుంటూ', 'మార్చుకున్నారు' ఏవీ కొత్త మాటలు కావు. నేల, బరువు, తొందర చూసినవాడికి అవి వాటంతట అవే వస్తాయి.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. ప్రతి నడకకూ కారణం చెప్పాలని కూర్చుంటే కథ వైద్యుడి చీటీ అవుతుంది. ముఖ్యంకాని చోట 'వచ్చాడు', 'పోయింది' చాలు. తెలుగు ఆ వీలు ఇచ్చింది. నడిచే తీరు రాయాల్సిన చోట మాత్రం చూసి రాయాలి. సంతకు పోయి పిల్లకు గాజులు కొని, చేతులూపుకుంటూ తిరిగివచ్చే మనిషి కూడా మనలో ఉంటాడు. అతనికి షికారు మాట ఇవ్వడానికి మన కథకులే వెనకాడుతున్నారేమో చూసుకోవాలి. మన మనుషులు ఎప్పుడూ మోస్తూనో, ఈడుస్తూనో, తూలుతూనో ఉండాల్సిన పని లేదు.

తరగతిలో చేయదగిన పని ఒకటి చెప్పి ముగిస్తాం. ఇంగ్లీషు పట్టికలోని ఐదు మాటలకు తెలుగు అర్థాలతో ఆగకుండా, పిల్లల ఇంటి భాషలో నడక మాటలు అడగండి. గోండీలో నడవడం 'తాకానా'. కొండ దిగడానికి, నీళ్లలో నడవడానికి, చప్పుడు కాకుండా అడవిలో అడుగు వేయడానికి, పసిపిల్ల మొదటి అడుగులకు మీ ఇంట్లో ఏమంటారో అవ్వల్నీ తాతల్నీ అడిగి తెమ్మనండి. తెచ్చిన మాట పక్కన తెలుగు మాట ఒకటి రాసి సరిపెట్టొద్దు. ఏ నేల మీద, ఏ బరువుతో, ఏ పనికి పోతూ అలా నడుస్తారో ఒక వాక్యం రాయించండి. అలాంటి వాక్యాలు రాయడం అలవాటైన పిల్లలు రేపు కథలో 'తూలుతూ' అన్న మాట కనిపించగానే పుస్తకం పక్కన పెట్టి, ఎందుకు తూలుతున్నాడని అడుగుతారు.